పే స్లిప్పులో కటింగ్ ఉంది, పాస్‌బుక్‌లో జమ లేదు

పీఎఫ్ కట్ అవుతోందా అని అడిగితే ఉద్యోగుల్లో చాలామంది పే స్లిప్పు చూసి అవుతోందనే చెబుతారు. కానీ జీతంలోంచి కట్ కావడం వేరు, ఆ డబ్బు ఖాతాలో పడటం వేరు. కట్ చేసిన సొమ్ముకు తన వాటా కలిపి, మరుసటి నెల 15వ తేదీలోగా యాజమాన్యమే ఈపీఎఫ్‌ఓకు కట్టాలి. కట్టేటప్పుడు ఎవరి పేరున ఎంత జీతానికి ఎంత వాటా అన్న వివరాలతో ఈసీఆర్ అనే రిటర్ను దాఖలు చేస్తుంది. తేడాలన్నీ ఇక్కడే వస్తాయి. కొన్ని సంస్థలు కట్ చేసిన డబ్బు కట్టవు. కొన్ని కడతాయి గానీ అసలు జీతం కన్నా తక్కువ చూపిస్తాయి. ఈ రెండింటినీ సరిచేయించుకోవడానికి మొదటి మెట్టు యాజమాన్యానికి రాసే ఉత్తరం.

రాసే ముందు, అది నిజంగా తప్పేనా అని చూసుకోవాలి. ఉద్యోగి వాటా మూల వేతనం, డీఏలు కలిపిన మొత్తంపై 12 శాతం. ఇంటి అద్దె భత్యం, ఓవర్‌టైం, బోనస్ ఇందులోకి రావు. మూల వేతనం 30,000 ఉన్నవారికి 1,800 రూపాయలే కట్ అవుతుంటే కంగారు పడనక్కర్లేదు. 15,000 రూపాయల పరిమితి మీదే పీఎఫ్ కట్టే వెసులుబాటు చట్టంలో ఉంది. అయితే మూల వేతనాన్ని తగ్గించి, మిగతాది ‘స్పెషల్ అలవెన్స్’ పేరుతో అందరికీ ఒకేలా ఇస్తుంటే మాత్రం అడగాల్సిందే. అలా అందరికీ ఇచ్చే భత్యాలను మూల వేతనంలో కలిపే పీఎఫ్ లెక్కించాలని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది.

ఒక ఉదాహరణ చూద్దాం. మందుల గోడౌనులో పనిచేసే ఒక స్టోర్ అసిస్టెంటుకు మూల వేతనం, డీఏ కలిపి 14,000. పే స్లిప్పులో నెలనెలా 1,680 రూపాయల పీఎఫ్ కటింగ్ కనిపిస్తోంది. పాస్‌బుక్‌లో 2024 ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా జీతం 9,000 అనీ, ఉద్యోగి వాటా 1,080 అనీ ఉంది. 2025 జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలకు అసలు పద్దే లేదు.

మొదటి తొమ్మిది నెలల్లో ఉద్యోగి వాటా నెలకు 600 తగ్గింది. యాజమాన్యం వాటా కూడా అంతే తగ్గింది కాబట్టి నెలకు 1,200 చొప్పున 10,800. చివరి మూడు నెలలకు రెండు వాటాలూ కలిపి నెలకు 3,360 చొప్పున 10,080. మొత్తం 20,880 రూపాయలు. ఇందులో సగం, అంటే 10,440, ఉద్యోగి జీతంలోంచి ఇప్పటికే కట్ చేసిన డబ్బు.

నష్టం దీంతో ఆగదు. యాజమాన్యం వాటాలో జీతంపై 8.33 శాతం పింఛను పథకానికి పోతుంది. ఆ పింఛనును చివరి 60 నెలల సగటు జీతం, సర్వీసు కాలం చూసి లెక్కగడతారు. జీతం తక్కువ చూపితే పింఛను తగ్గుతుంది, నెలలు ఎగిరిపోతే సర్వీసు తగ్గుతుంది. పీఎఫ్‌తో పాటే వచ్చే ఈడీఎల్‌ఐ బీమాలో, ఉద్యోగంలో ఉండగా చనిపోయినవారి కుటుంబానికి చివరి 12 నెలల సగటు జీతానికి 35 రెట్లు, దానికి తోడు పీఎఫ్ నిల్వను బట్టి కొంత ఇస్తారు. 14,000 మీద 35 రెట్లంటే 4,90,000. రికార్డులో 9,000 ఉంటే 3,15,000. ఒక్క అంకె తగ్గించి రాసినందుకు ఆ కుటుంబం 1,75,000 రూపాయలు పోగొట్టుకుంటుంది.

పాస్‌బుక్‌తో పాటు మరోచోట కూడా చూడాలి. ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లో సంస్థ పేరు కొట్టి వెతికితే ఆ సంస్థ ఏ నెలకు ఎంత కట్టింది, ఎంతమందికి కట్టింది అన్నది కనిపిస్తుంది. ఆ నెల సంస్థ ఎవరికీ కట్టలేదా, లేక అందరికీ కట్టి మీ పేరు వదిలేసిందా అన్నది అక్కడ తేలుతుంది. ఎవరికీ కట్టకపోతే ఉత్తరం మీద తోటివారి సంతకాలు కూడా పెట్టించవచ్చు.

ఇక ఉత్తరం. దాని బలమంతా అంకెల్లో ఉంటుంది. దొంగతనం, మోసం లాంటి మాటలు రాయకూడదు. నెల, పే స్లిప్పులో కటింగ్, పాస్‌బుక్‌లో జమ, తేడా అనే నాలుగు గడుల పట్టిక వేసి, కింద ఇలా రాస్తే చాలు:

“హెచ్‌ఆర్ మేనేజరు గారికి. నా ఉద్యోగి సంఖ్య, యూఏఎన్, చేరిన తేదీ పైన రాశాను. 2024 ఏప్రిల్ నుంచి డిసెంబరు వరకు నా పీఎఫ్ జీతం 14,000కు బదులు 9,000గా నమోదైంది. 2025 జనవరి నుంచి మార్చి వరకు చందా జమ కాలేదు. పట్టికలో చూపినట్టు రెండు వాటాలూ కలిపి బకాయి 20,880 రూపాయలు. ఈ నెలలకు సరైన జీతంతో రిటర్ను దాఖలు చేసి, బకాయి చెల్లించి, చలానా నంబరు నాకు తెలియజేయగలరు. నా వాటా అప్పటికప్పుడే కట్ అయింది కాబట్టి మళ్లీ నా జీతంలోంచి కట్ చేయవద్దని మనవి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వగలరు. పే స్లిప్పులు, పాస్‌బుక్ ప్రతులు జతచేశాను.”

మళ్లీ కట్ చేయవద్దన్న వాక్యం తప్పక ఉండాలి. కొన్ని కంపెనీలు పాత బకాయి కట్టి, ఆ భారాన్ని తర్వాతి జీతాల్లోంచి రాబట్టుకుంటాయి. నిబంధనలు దానికి ఒప్పుకోవు. ఆ నెలలో కట్ చేయాల్సినంత చేయకపోయినా, ఆ లోటు మామూలుగా యాజమాన్యమే భరించాలి.

ఉత్తరం ఈమెయిల్‌లో పంపి, రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోమంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. కాంట్రాక్టరు కింద పనిచేసేవారు ప్రధాన సంస్థకూ ఒక ప్రతి పంపాలి, ఎందుకంటే కాంట్రాక్టరు ఎగ్గొట్టిన చందాకు ఆ సంస్థదీ బాధ్యతే.

గడువులోగా జవాబు రాకపోతే epfigms.gov.in లో ఫిర్యాదు నమోదు చేసి, ఉత్తరం, పట్టిక జతచేయాలి. రికార్డులు తెప్పించి, విచారణ చేసి, ఎంత బాకీయో తేల్చే అధికారం పీఎఫ్ కమిషనర్‌కు ఉంది. ఆలస్యానికి యాజమాన్యం ఏడాదికి 12 శాతం వడ్డీ, దానిపై నష్టపరిహారం కట్టాలి. జీతంలోంచి కట్ చేసి ఖాతాలో కట్టకపోతే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నేరపూరిత నమ్మకద్రోహమవుతుంది.

ఈ పని ఉద్యోగంలో ఉండగానే మొదలుపెట్టండి. రాజీనామా చేసిన రోజే కంపెనీ లాగిన్ ఆగిపోతుంది, పాత పే స్లిప్పులు చేతికి రావు, పాస్‌బుక్ పక్కన పెట్టి చూపించడానికి కాగితం మిగలదు. ప్రతి నెలా స్లిప్పు రాగానే సొంత ఫోనులోకో, సొంత మెయిల్‌లోకో దింపుకోండి. నెల చివర ఒకసారి పాస్‌బుక్ తెరిచి, కిందటి నెల జీతం తాలూకు చందా పడిందో లేదో చూసుకోండి.