ఎడిటింగ్ యాప్‌లో క్లియర్‌గా ఉన్న వీడియో యూట్యూబ్‌లో ఎందుకు మసకబారుతుంది?

బతుకమ్మ ఆటను ఫోన్‌లో 1080p, 30 ఎఫ్‌పీఎస్‌లో తీశారనుకోండి. మూడు నిమిషాల వీడియో. గ్యాలరీలో తంగేడు, గునుగు పూలు రేకు రేకూ కనిపిస్తాయి. అదే యూట్యూబ్‌లో పెట్టాక చూస్తే పూలన్నీ కలిసిపోయి, చీరల అంచుల దగ్గర గళ్లు గళ్లుగా కనిపిస్తాయి. తప్పు కెమెరాది కాదు.

మీరు పంపిన ఫైల్‌ని యూట్యూబ్ యథాతథంగా ఎవరికీ చూపించదు. స్లో నెట్ ఉన్నవాళ్లకీ, పెద్ద టీవీలో చూసేవాళ్లకీ సరిపోయేలా 144p నుంచి పై సైజుల దాకా వేర్వేరు కాపీలు చేసుకుంటుంది. ప్రతి కాపీనీ మళ్లీ కుదిస్తుంది. కదలకుండా కూర్చుని మాట్లాడే వీడియోకి ఈ కుదింపు పెద్దగా తెలియదు. కానీ వందల పూరేకులు, గుండ్రంగా తిరిగే మనుషులు ఉన్న సీన్‌లో ప్రతి ఫ్రేమ్ మారిపోతుంది. అన్ని వివరాలకూ బిట్‌రేట్ చాలదు, గళ్లు పడేది అక్కడే.

కాబట్టి మన చేతిలో ఉన్నది ఒక్కటే: మొదటి కాపీని శుభ్రంగా ఇవ్వడం. 1080p, 30 ఎఫ్‌పీఎస్‌కి యూట్యూబ్ సూచించే బిట్‌రేట్ 8 ఎంబీపీఎస్, 60 ఎఫ్‌పీఎస్‌కి 12. యాప్‌లో 4 పెట్టి ఎక్స్‌పోర్ట్ చేస్తే, అక్కడ పోయిన వివరాలు మళ్లీ రావు. అలాగని 50 పెట్టినా చూసేవాళ్లకు చేరే కాపీ బిట్‌రేట్ పెరగదు, మీ డేటా మాత్రం ఖర్చవుతుంది.

ఫ్రేమ్ రేట్ తీసినదే ఉంచండి. 30లో తీసి 60 పెడితే చాలా యాప్‌లు ఉన్న ఫ్రేమ్‌నే రెండుసార్లు వేస్తాయి. 24కి తగ్గిస్తే సెకనుకు ఆరు ఫ్రేమ్‌లు పోయి, కెమెరా తిప్పినప్పుడు కుదుపు తెలుస్తుంది.

ఇక అసలు చిట్కా. చిన్న ఛానెళ్ల 1080p వీడియోలకు చాలాసార్లు పాత కోడెక్ దక్కుతుంది. అదే వీడియోని 1440p, 16 ఎంబీపీఎస్‌లో ఎక్స్‌పోర్ట్ చేస్తే సాధారణంగా మెరుగైన వీపీ9 కోడెక్ వస్తుంది, 1440p ఎంచుకుని చూసేవాళ్లకు బిట్‌రేట్ కూడా ఎక్కువే. ఫైల్ సుమారు 180 ఎంబీ నుంచి 360 ఎంబీకి పెరుగుతుంది. అయితే కొత్త వివరాలేవీ పుట్టవు, ఉన్నవి తక్కువ పాడవుతాయి, అంతే. షేక్ అయినవీ, చీకట్లో తీసి నాయిస్ వచ్చినవీ దీంతో బాగుపడవు.

ఫలించిందో లేదో చూడాలంటే, కంప్యూటర్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి `Stats for nerds` తెరవండి. Codecs లైన్‌లో `avc1` అని ఉంటే పాత కోడెక్, `vp09` అని ఉంటే కొత్తది. అప్‌లోడ్ చేసిన వెంటనే మాత్రం చూడొద్దు. ముందు తక్కువ క్వాలిటీ కాపీయే సిద్ధమవుతుంది. పై క్వాలిటీలు వచ్చేదాకా వీడియోని ప్రైవేట్‌లో ఉంచి, తర్వాతే లింక్ ఇంట్లోవాళ్లకు పంపండి.