జముడు, యముడు: ఏది తత్సమం?

‘రాముడు’ చివర తెలుగు ‘డు’ ఉంది కాబట్టి తద్భవమని చాలామంది అనుకుంటారు. కాదు, అది తత్సమమే. ము, వు, డు మన విభక్తి ప్రత్యయాలు. తత్సమాలకైనా తద్భవాలకైనా చేరతాయి. వాటిని పక్కనపెట్టి మిగిలిన రూపాన్నే సంస్కృతంతో పోల్చాలి.

యముడులో ‘డు’ తీస్తే యమ. సంస్కృతంలోనూ అదే కనుక తత్సమం. జముడులో మిగిలేది జమ. ‘య’ ‘జ’గా మారింది కాబట్టి తద్భవం. ఈ మార్పు ఒక్క మాటతో ఆగదు. యజ్ఞం జన్నమైంది, యాత్ర జాతరైంది. జాతరలో ‘త్ర’ కూడా విడిపోయి ‘తర’ అయింది. సంస్కృతంలో ‘యాత్రా’ అని దీర్ఘం ఉంటుంది కదా అంటారేమో. చివరి దీర్ఘం కుదించుకోవడం తెలుగు అలవాటు. దానివల్ల యాత్ర తద్భవం కాదు. రెండు మాటలూ నిలిచి, వేర్వేరు పనుల్లో కుదురుకోవడం నాకు ఎంతో ఇష్టం: కాశీకి యాత్ర వెళ్తాం, మేడారంలో జాతర చేస్తాం.

ఖ, ధ, భ వంటి అక్షరాలుంటే సాధారణంగా తత్సమమే. ముఖం తత్సమం, మొగం తద్భవం. అయితే ‘నలభై’లో ‘భ’ ఉన్నా అది అచ్చ తెలుగు సంఖ్య. నది, వనం వంటి మాటల్లో ఏ గుర్తూ కనిపించదు, అయినా తత్సమాలే. అలాంటిచోట సంస్కృత రూపం తెలిసుండాలి, లేదా నిఘంటువు తెరవాలి. పోల్చడానికి సంస్కృత, ప్రాకృత మూలమే లేని ఇల్లు, ఊరు, చెయ్యి దేశ్యాలు. వాటిని తద్భవాల్లో కలపకూడదు.