బ్లేడుతో గీకిన బోర్డు

మొదటి బోర్డు ఇంకా నా సొరుగులోనే ఉంది. దాని మీద ఒకచోట ఆకుపచ్చ పూతను షేవింగ్ బ్లేడుతో గీకిన గీత కనిపిస్తుంది. కింద రాగి తేలేదాకా గోకి, వెంట్రుకంత తీగను అక్కడ సోల్డర్ చేశాను. చెయ్యి తగిలి తీగ కదిలేసరికి దాంతోపాటు రాగి ట్రాక్ కూడా ఉల్లిపొరలా లేచివచ్చింది. ఇంతా చేసింది ఒకే ఒక్క చోట వోల్టేజి చూడటానికి.

పొలం మోటారును ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే మొబైల్ స్టార్టర్ చాలామంది రైతులకు తెలిసిందే. మేం చేస్తున్నది అలాంటి పెట్టెలో కూర్చునే బోర్డు. 12 వోల్టులు లోపలికొస్తాయి. వాటి నుంచి ఒక సర్క్యూట్ సిమ్ కార్డు ఉండే జీఎస్ఎం మాడ్యూల్‌కు 4 వోల్టులు, ఇంకొకటి ఎస్టీఎం32 చిప్‌కు 3.3 వోల్టులు ఇస్తాయి. చిప్ ఆజ్ఞ ఇస్తే రెండు రిలేలు పడతాయి. అంతే సరంజామా.

బోర్డులు వచ్చాయి, లైట్లు వెలిగాయి. కానీ నెట్‌వర్క్ దొరికే క్షణంలో మాడ్యూల్ ఆరిపోయి మళ్లీ మొదటినుంచి లేస్తోంది. మల్టీమీటర్ పెడితే రెగ్యులేటర్ దగ్గర నిక్షేపంగా 4.0 వోల్టులు. మాడ్యూల్ కాళ్లన్నీ దాని కిందే ఉన్నాయి. అక్కడికి ప్రోబ్ వెళ్లదు. మా అసెంబ్లీ చూసే పెద్దాయన పక్కనుంచి చూస్తూ, "బాబూ, గీసేటప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టాలో చూసుకోలేదా?" అన్నారు. చూసుకోలేదు. స్క్రీన్ మీద గీసేటప్పుడు ఏ తీగ మీద క్లిక్ చేసినా దాని పేరు చెబుతుంది. చేతికొచ్చిన బోర్డు అలా చెప్పదు.

ఆ చెయ్యి పెట్టే చోటునే టెస్ట్ పాయింట్ అంటారు. అందులో విడిభాగం ఏమీ లేదు. కొలవాల్సిన ట్రాక్‌ను కాస్త పక్కకు లాగి, చివర ఒకటిన్నర మిల్లీమీటర్ల గుండ్రటి రాగి చుక్క పెట్టి, దాని మీద ఆకుపచ్చ పూత పడకుండా వదలడమే. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఈ పూత వదలమని చెప్పడం మరిచిపోతే చుక్క ఉంటుంది, పైన మూత కూడా ఉంటుంది. అలాంటి బోర్డులూ చూశాను. మళ్లీ బ్లేడే గతి.

సరే, లేచిపోయిన ట్రాక్‌ను జంపర్ తీగతో బాగుచేసి, ఈసారి మల్టీమీటర్ పక్కనపెట్టి ఆసిలోస్కోప్ తగిలించాం. రహస్యం అక్కడ బయటపడింది. 2జీ మాడ్యూల్ టవర్‌తో మాట్లాడేటప్పుడు కరెంటును ధారలా కాక దోసిళ్లతో తీసుకుంటుంది. ప్రతి 4.615 మిల్లీసెకన్లకోసారి, 577 మైక్రోసెకన్లపాటు, 2 ఆంపియర్ల దాకా. మల్టీమీటర్ అంత చిన్న కాలాన్ని చూడలేదు, సగటు చెప్పి ఊరుకుంటుంది. రెగ్యులేటర్‌కూ మాడ్యూల్‌కూ మధ్య నేను శబ్దం ఆపుతుందని ఒక ఫెరైట్ బీడ్ పెట్టాను. దాని సొంత నిరోధం 0.35 ఓమ్‌లు. రెండు ఆంపియర్లు దానిగుండా పోతే 0.7 వోల్టులు అక్కడే ఖర్చు. బీడ్‌కు ఇటు 4.0, అటు 3.3. మాడ్యూల్ డేటాషీట్ కనీసం 3.4 ఉండాలంటుంది. అది ఆరిపోవడంలో తప్పేమీ లేదు.

బీడ్‌కు అటో చుక్క, ఇటో చుక్క ఉండి ఉంటే ఇది పావుగంట పని. మాకు మూడు రోజులు పట్టింది. అందులో రెండు రోజులు యాంటెన్నానూ సిమ్ కంపెనీనీ అనుమానించడంలోనే గడిచాయి.

రెండో బోర్డు గీసే ముందు పద్ధతి మార్చాం. సర్క్యూట్ సిద్ధమయ్యాక, లేఅవుట్ మొదలుపెట్టకముందే, ఒక తెల్లకాగితం మీద ఊహించుకుని రాశాం: బోర్డు కొత్తగా చేతికొచ్చింది, మొదట ఏం చేస్తాం? కరెంటు ఇవ్వకముందే 3.3 వోల్టుల లైనుకూ గ్రౌండ్‌కూ మధ్య నిరోధం చూస్తాం. దాదాపు సున్నా చూపిస్తే ఎక్కడో షార్ట్. తర్వాత బెంచ్ సప్లయ్‌ను 100 మిల్లీఆంపియర్లకు కట్టడి చేసి 12 వోల్టులు ఇస్తాం. ఏదైనా తిరగబడి అతికి ఉంటే పొగ రాకముందే సప్లయ్ ఆపేస్తుంది. అప్పుడు 4 వోల్టులు, 3.3 వోల్టులు వరసగా చూస్తాం. ఆపైన చిప్ పలుకుతుందా, మాడ్యూల్ జవాబిస్తుందా, రిలేకు ఆజ్ఞ వెళుతుందా. కాగితం మీద "చూస్తాం" అని ఉన్న ప్రతిచోటా ఒక చుక్క పెట్టాం. మొత్తం 15 వచ్చాయి. అందులో మూడు గ్రౌండ్‌కే. స్కోప్ గ్రౌండ్ క్లిప్‌ను దూరంగా తగిలిస్తే ఆ పొడుగాటి తీగే ఒక యాంటెన్నా అయి, లేని అలలు చూపిస్తుంది. కొలిచే చోటు పక్కనే గ్రౌండ్ ఉండాలి.

బీడ్ తీసేసి, ఆ చోట పెద్ద సైజు సున్నా ఓమ్ రెసిస్టర్ పెట్టాం. సున్నా ఓమ్ ఎందుకని కొత్తవాళ్లు అడుగుతుంటారు. దాన్ని సోల్డర్ చేయకుండా వదిలితే మాడ్యూల్ ఉన్న సగం విడిపోతుంది. మొదట మిగతా సగం బతికిందని తేల్చుకుని, ఆ తర్వాత దాన్ని అతికిస్తాం. తప్పు ఏ పక్కన ఉందో తెలియడానికి ఇంతకంటే చవకైన ఉపాయం నాకు తెలియదు.

అలాగని దొరికిన తీగకల్లా చుక్క పెట్టకూడదు. చిప్‌కు తాళం వేసే క్రిస్టల్ దగ్గరైతే అసలు వద్దు. దాని పక్కనుండే కెపాసిటర్లు 20 పికోఫారడ్లు అనుకుంటే, స్కోప్ ప్రోబ్ ఒక్కటే మరో పది దాకా కలుపుతుంది. చూద్దామని ప్రోబ్ పెట్టగానే తాళం తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. చిప్‌లోని గడియారాన్ని వేరే పిన్ను మీదకు పంపమని ప్రోగ్రాంలో చెప్పి అక్కడ చూసుకోవాలి. యాంటెన్నాకు వెళ్లే ట్రాక్‌కూ ఇదే మాట. మూడు ఫేజుల 415 వోల్టుల వైపు చుక్క పెట్టే ఆలోచన ఎవరికీ రాదనుకుంటాను. ఆ సరఫరా తగిలించి ఉండగా, ఐసొలేషన్ లేకుండా లాప్‌టాప్‌ను బోర్డుకు కలిపితే పోయేది లాప్‌టాప్ ఒక్కటే కాదు. మా పరీక్షలన్నీ 12 వోల్టుల మీదే.

ఇక ప్రోగ్రాం ఎక్కించే తీగల సంగతి. వీటి వంశం కూడా పరీక్షల్లోంచే వచ్చింది. చిప్‌ల కాళ్లు సన్నబడి, కొన్నిటికి పొట్ట కిందకు పోయి, ప్రోబ్‌కు అందకుండా పోతున్న రోజుల్లో, 1985లో కంపెనీలు కలిసి జేటాగ్ అనే బృందంగా ఏర్పడ్డాయి. బోర్డును చిప్ లోపలినుంచే పరీక్షించే వాళ్ల పద్ధతి 1990లో ప్రమాణమైంది. ఆర్మ్ చిప్‌లలో డీబగ్ చేయడానికి, ప్రోగ్రాం ఎక్కించడానికి జేటాగ్‌కు బదులు వాడే రెండు తీగల పద్ధతే ఎస్‌డబ్ల్యూడీ. ఒకటి డేటా, ఒకటి క్లాక్. గ్రౌండ్ కలిపితే మూడు తీగలతో పని జరిగిపోతుంది.

జరిగిపోతుందనుకునే మొదటి బోర్డులో మూడే బయటకు తెచ్చాను. ఒకరోజు ప్రోగ్రాంలో పొరపాటున, కరెంటు రాగానే చిప్ గాఢనిద్రలోకి పోయేలా రాశాం. నిద్రపోయిన చిప్ ఆ రెండు తీగల మీద పలకదు. పలకకపోతే కొత్త ప్రోగ్రాం ఎక్కదు. దీనికి మందు రీసెట్ పిన్ను. దాన్ని నొక్కిపట్టి, చిప్ మొదటి అడుగు వేయకముందే పట్టుకోవాలి. మా బోర్డులో రీసెట్ బయటకు రాలేదు. దాని పక్కన ఆవగింజంత కెపాసిటర్‌ను ట్వీజర్‌తో షార్ట్ చేస్తూ, సరిగ్గా సమయానికి వదులుతూ ఒక్కో బోర్డునూ లేపాం. రెండో బోర్డులో ఆ నాలుగో తీగ ఉంది, ఆజ్ఞ కూడా తేలిక:

```
st-flash --connect-under-reset write starter.bin 0x8000000
```

ఐదో తీగ 3.3 వోల్టులది. ఇక్కడో మెలిక ఉంది. కొన్ని ప్రోగ్రామర్లలో ఆ పిన్ను బోర్డు వోల్టేజి ఎంతో చూసుకోవడానికే. చవక డాంగిళ్లలో మాత్రం అది 3.3ను బయటకు తోస్తుంది. బోర్డుకు 12 వోల్టులు ఇచ్చి, దీన్నీ తగిలిస్తే రెండు సప్లయ్‌లు ఒకే లైను మీద తలపడతాయి. మా డాంగిల్‌కు ఆ తీగే తీసేశాం.

ప్రయోగాల బోర్డుల మీద మామూలు 2.54 మిల్లీమీటర్ల పిన్ హెడర్ పెట్టుకుంటాం. రోజుకు ఇరవైసార్లు తగిలించి పీకాలి కదా. అమ్మే బోర్డుల మీద ఆ పిన్నులు అతికించం, చిల్లులు ఖాళీగా ఉంటాయి. అవే లైన్లు అడుగువైపు చుక్కలుగా కూడా ఉంటాయి. ఎందుకో 50 బోర్డుల మొదటి విడతలో తెలిసింది. ఒక్కో బోర్డుకు తీగలు అతికించడం, ప్రోగ్రాం ఎక్కించడం, కొలవడం, తీగలు ఊడదీసి తుడవడం కలిపి ఏడు నిమిషాలు. అంటే దాదాపు ఆరు గంటలు ఐరన్ పట్టుకుని కూర్చోవడం.

రెండో విడతకు పెద్దాయనే ఒక పీట చేశారు. యాక్రిలిక్ పలక మీద, చుక్కల స్థానాల్లోనే 15 స్ప్రింగు పిన్నులు నిలబెట్టారు. వీటిని పోగో పిన్నులంటారు. చుక్కలన్నీ అడుగువైపే, ఒకదానికొకటి 2.54 మిల్లీమీటర్లు తగ్గకుండా పెట్టాం కాబట్టి పిన్నులు వరసగా పట్టాయి. ఒక్కో పిన్ను స్ప్రింగు సుమారు 100 గ్రాముల బలంతో తోస్తుంది. 15 కలిస్తే కిలోన్నర. చేత్తో అదిమితే బోర్డు ఒక పక్కకు వంగుతుంది. అందుకని పైనుంచి సమంగా నొక్కే బిగింపు పెట్టారు. బోర్డు మూలల్లో 3 మిల్లీమీటర్ల రెండు రంధ్రాలు దాన్ని కదలకుండా పట్టుకుంటాయి. ఆ రంధ్రాలను కావాలనే వంకరగా, ఒకటి అంచుకు దగ్గరగా, ఒకటి దూరంగా వేశాం. బోర్డును తిప్పి పెడితే అసలు కూర్చోదు. కూర్చుంటే 12 వోల్టులు చిప్ కాలికి పోతాయి.

ఇప్పుడు బోర్డు పెట్టి నొక్కితే ప్రోగ్రాం ఎక్కుతుంది, నాలుగు వోల్టేజిలు లాప్‌టాప్‌లో పడతాయి, మాడ్యూల్ "ఓకే" అంటుంది, రిలేలు టకటకలాడతాయి. 40 సెకన్లు. యాభై బోర్డులకు అరగంట పైచిలుకు. అయితే పీట చేయడానికి రెండు రోజులు పట్టింది. ఐదు బోర్డులే చేసేవాళ్లు దీని జోలికి పోనక్కర్లేదు.

మొదటిరోజు వరసగా ఆరు బోర్డులు ఫెయిలని చూపించింది. మళ్లీ పెట్టి నొక్కితే నాలుగు పాసయ్యాయి. ఇలా రెండోసారికి మనసు మార్చుకుంటే మొదట అనుమానించాల్సింది బోర్డును కాదు, పిన్నునూ చుక్కనూ. సోల్డర్ చేశాక మిగిలిన ఫ్లక్స్ చుక్కల మీద లక్కలా ఎండిపోయింది, పిన్ను మొన దాని మీదే ఆగిపోతోంది. ఐపీఏతో తుడిచాక మిగతా రెండింటిలో ఒకటి పాసైంది. చివరిదాంట్లో నిజంగానే రెగ్యులేటర్ కాలు ఒకటి అతకలేదు. ఏ చుక్క దగ్గర వోల్టేజి పోయిందో స్క్రీన్ మీదే ఉంది కాబట్టి దాన్ని వెతకాల్సిన పని లేకపోయింది.

ఈ పీటకూ అందనిది ఒకటుంది. సిమ్ సాకెట్ లైన్లకు చుక్కలు పెట్టాలని కాగితం మీద రాయడం మరిచాం. అందుకే పెద్దాయన జేబులో ఇప్పటికీ ఒక పాత సిమ్ ఉంటుంది. ప్రతి బోర్డులోనూ దాన్ని దూర్చి, నెట్‌వర్క్ లైటు వెలిగేదాకా చూసి, మళ్లీ తీసి జేబులో వేసుకుంటారు.