పీటల మీద కూర్చోమని బాబాయిని అడగడం

తండ్రి లేని ఆడపిల్ల పెళ్లిలో కన్యాదానం ఎవరు చేయాలన్నది ముహూర్తం కన్నా ముందే తేలాల్సిన విషయం. యాజ్ఞవల్క్య స్మృతి కన్యాదాతల వరుసను తండ్రి, తాత, అన్నదమ్ములు, దగ్గరి సగోత్రీకులు, తల్లి అని చెబుతుంది. తెలుగిళ్లలో మాత్రం ఎక్కువగా పెదనాన్న పెద్దమ్మలో, బాబాయి పిన్నులో దంపతులుగా పీటల మీద కూర్చుంటారు. తండ్రి వైపు వారైతే గోత్రం ఒకటే కాబట్టి ప్రవర చెప్పడంలో చిక్కు ఉండదు. మేనమామను కోరుకుంటే పురోహితుణ్ణి ముందుగా సంప్రదించాలి. తల్లి తానే చేస్తానంటే ఆ మాటే మొదటిది. అందుకే ఎవరినైనా అడిగే ముందు ఆమె మనసు తెలుసుకోవాలి.

అడగబోయేవారికి ఈ పని ఎంత భారమో తెలిసి ఉండాలి. పీటల మీద కూర్చునే దంపతులు కన్యాదానం అయ్యేదాకా ఉపవాసం ఉంటారు. రాత్రి ముహూర్తమైతే పగలంతా పస్తే. పిన్ని నీళ్లు పోస్తుంటే బాబాయి వరుడి కాళ్లు కడగాలి, సంకల్పం చెప్పాలి, ధార పోయాలి. అంతసేపూ నేల మీద, చిన్న పీట మీదే. మోకాళ్ల నొప్పులున్నవారికీ మధుమేహానికి మందులు వేసుకునేవారికీ ఇది చిన్న విషయం కాదు. ఆ ఇంట్లో ఏటిసూతకం ఉన్నా చాలా కుటుంబాల్లో కూర్చోరు. ఖర్చు కూడా తమ మీద పడుతుందేమోనని కొందరు పైకి చెప్పకుండా మథనపడతారు.

ఒక ఇంటి సంగతి ఉదాహరణగా చూద్దాం. తండ్రి పోయి ఎనిమిదేళ్లయింది. డెబ్బై దాటిన పెదనాన్న కింద కూర్చోలేరు. చిన్నప్పటి నుంచి అమ్మాయి చదువు చూసుకున్నది బాబాయి. ఇక్కడ బాబాయిని అడగడానికి ముందు పెదనాన్న ఇంటికి వెళ్లాలి. బాబాయి ఒప్పుకున్నాక ఆయన చెవిన వేస్తే, ఎంత మంచి కారణం చెప్పినా ఆయనకు అది తప్పించడంగానే కనిపిస్తుంది. "కూర్చోవడం మీకు కష్టమని బాబాయిని అడుగుదామనుకుంటున్నాం, మీరేమంటారు పెదనాన్నా?" అంటే, పెద్దరికం ఆయన దగ్గరే ఉంటుంది. చాలాసార్లు ఆయనే తమ్ముడికి కబురు చేస్తారు.

తరువాత తల్లీ కూతురూ కలిసి బాబాయి ఇంటికి వెళ్లాలి. ఫోనులో అడిగే మాట కాదిది. శుభలేఖలు అచ్చుకు వెళ్లకముందే, ఇంట్లో చుట్టాలెవరూ లేనప్పుడు వెళ్లాలి. అసలు పొరపాటు జరిగేది ఇక్కడే. చాలామంది వెళ్లగానే బొట్టు పెట్టి, తాంబూలం చేతిలో పెట్టి, ఆ తరువాత విషయం చెబుతారు. అందుకున్న తాంబూలాన్ని వెనక్కి ఇచ్చే తెలుగువారు ఉండరు. దాంతో ఆ గౌరవం కాస్తా బలవంతమవుతుంది. మాట ముందు, తాంబూలం ఆయన ఒప్పుకున్నాక.

మాట పెళ్లికూతురి నోటి నుంచి రావాలి. "మీరు కాకపోతే మాకెవరున్నారు", "నాన్న ఉంటే మిమ్మల్ని అడిగేవాళ్లమా" వంటి మాటలు ఆయన మీద భారం మోపుతాయి. రెండోది మరీ అన్యాయం, బాబాయిని లోటు పూడ్చే మనిషిని చేస్తుంది. ఆయననే ఎందుకు కోరుకుంటోందో అమ్మాయి చెప్పాలి: "బాబాయ్, నా పదో తరగతి పరీక్షలకు రోజూ స్కూటర్ మీద దింపింది మీరే. పిన్నీ మీరూ పీటల మీద కూర్చుంటే నాకు సంతోషం. ఉపవాసం ఉండాలి, చాలాసేపు కూర్చోవాలి. ఖర్చంతా అమ్మ చూసుకుంటుంది. పిన్నితో మాట్లాడుకుని నాలుగు రోజుల్లో చెప్పండి." పిన్నిని విడిగా, పేరుపేరునా అడగాలి. పస్తుండేది ఆమె కూడా.

జవాబును విన్నట్టే, తీరును కూడా గమనించాలి. ఇష్టపడిన మనిషి వెంటనే ముహూర్తం ఎప్పుడని, పెళ్లికొడుకువాళ్ల గోత్రం ఏమిటని అడుగుతాడు. "చేయాలి కదా, తప్పుతుందా" అన్నా, పిన్ని వైపు చూసి ఊరుకున్నా వెనకడుగే. అప్పుడు కారణం తవ్వకూడదు. "మంగళసూత్రాలు ముందుగా మీ చేత్తో తాకి దీవించండి, అప్పగింతలప్పుడు పక్కనుండండి" అని మరో చోటు చూపిస్తే ఆయన చిన్నబుచ్చుకోకుండా తప్పుకోగలుగుతాడు.

ఒప్పుకున్నాక పిన్నికి బొట్టు పెట్టి, పండ్లతో తాంబూలం ఇచ్చి, పట్టుపంచె, చీర పెట్టి ఇద్దరికీ నమస్కరించాలి. పిన్ని పుట్టింటివారు పీటల మీది బట్టలు పెట్టే ఆనవాయితీ ఉంటే వారికీ ముందే కబురు వెళ్లాలి. పెళ్లి హడావుడిలో అందరూ మరిచిపోయేది ఒకటుంది: ధార పోసి లేచేసరికి ఆ దంపతులు పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. వారికి మొదటి విస్తరి వేయించే పని ఒక మనిషికి ముందుగానే అప్పగించండి.