అవతలివాళ్ల ఫోన్లో మనవాడు

కాకినాడలో ఉండే మా పిన్నికి చుట్టాల్లో ఓ పేరుంది. ఎవరింటికి సంబంధం వచ్చినా బయోడేటా ముందు ఆవిడ వాట్సాప్‌కే చేరుతుంది. గంట తిరక్కుండా పిల్లాడు ఎక్కడ చదివాడో, ఎవరితో రూమ్‌లో ఉన్నాడో, సంక్రాంతికి ఇంటికొచ్చాడో గోవా వెళ్లాడో చెప్పేస్తుంది. అలాంటి పిన్ని ఇప్పుడు సొంత కొడుక్కి సంబంధాలు చూడాల్సి వచ్చింది. బయోడేటా ఇంకా గడప దాటలేదు. "ముందు వీణ్ణి పైవాళ్లు చూసినట్టు నేను చూడాలి" అని పట్టుబట్టింది. తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చిన ఆదివారం ముగ్గురం భోజనాలయ్యాక కూర్చున్నాం.

పిన్ని ఆరా ఎప్పుడూ ఒకే దారిలో నడుస్తుంది. బయోడేటాలో ఉన్న నంబరు సేవ్ చేసుకుని వాట్సాప్ డీపీ చూస్తుంది. పేరు, కాలేజీ, ఊరు కలిపి గూగుల్‌లో కొడుతుంది. తర్వాత ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్. కాంటాక్టులు చూడ్డానికి యాప్‌కి అనుమతిచ్చి ఉంటే, నంబరు సేవ్ చేసిన పాపానికి ఆ మనిషి ఖాతాను ఇన్‌స్టాగ్రామే "తెలుసేమో చూడండి" అని ముందు పెట్టొచ్చు. లింక్డ్‌ఇన్ దగ్గర మాత్రం పిన్ని ఒకసారి దెబ్బతింది. ప్రొఫైల్ ఎవరు చూశారో అవతలివాళ్లకి తెలిసే ఏర్పాటు అందులో ఉంది. పెళ్లికొడుకు తాలూకు వాళ్లే ఫోన్ చేసి "మీ బాబు మావాడి ప్రొఫైల్ చూశాట్ట కదండీ" అన్నారు.

తమ్ముడు తన ఫోన్ తీసి చూపించబోతే పిన్ని వద్దంది. సొంత ఫోన్లో అన్నీ కనిపిస్తాయి, ఏది పైవాళ్లకి కనిపిస్తుందో తెలీదు. పిన్ని ఫోనూ పనికిరాదు, ఆవిడ వాడి ఫ్రెండ్ లిస్టులోనే ఉంది. ఫేస్‌బుక్ ప్రొఫైల్లో మూడు చుక్కలు నొక్కితే View as అని వస్తుంది. ముక్కూమొహం తెలియనివాళ్లకి మన పేజీ ఎలా ఉంటుందో అది చూపిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ కోసం పక్కింటి అమ్మాయి ఫోన్ అడిగి తెచ్చాం.

ఇన్‌స్టాగ్రామ్‌లో పెద్దగా ఏమీ లేదు. ఖాతా ప్రైవేటు. డీపీ, కింద రెండు ముక్కల పరిచయం తప్ప కొత్తవాళ్లకి ఏమీ కనపడవు. అసలు కథంతా ఫేస్‌బుక్‌లోనే ఉంది, వాడు నాలుగేళ్లుగా తెరవని ఫేస్‌బుక్‌లో. ఇంటర్‌లో ఉండగా పెట్టిన పోస్టులన్నీ ఇప్పటికీ అందరికీ తెరిచే ఉన్నాయి. మర్చిపోయిన ఖాతానే ముందు చూడాలని నాకు అప్పుడే అర్థమైంది.

సెట్టింగుల్లో Limit past posts అని ఒకటుంది. అది నొక్కితే అందరికీ కనిపించే పాత పోస్టులన్నీ ఒక్క దెబ్బకి ఫ్రెండ్స్‌కి మాత్రమే అవుతాయి. మళ్లీ వెనక్కి తిప్పాలంటే మాత్రం ఒక్కో పోస్టూ పట్టుకుని మార్చుకోవాలి. వాడు నొక్కేసి "అయిపోయిందక్కా" అన్నాడు. కాలేదు. అది మన పోస్టులకే. వేరేవాళ్ల పేజీల్లో మనం రాసిన కామెంట్లు ఎక్కడివక్కడే ఉంటాయి. Activity log లో కామెంట్ల దగ్గరికెళ్తే, ఓ హీరో అభిమానిగా ఇంకో హీరో అభిమానుల్ని మావాడు పచ్చిగా తిట్టిన తిట్లు వరసగా కనపడ్డాయి. పిన్ని కళ్లజోడు సర్దుకుని ఒకటి చదివి, మిగతావి చదవలేదు. వాటిని దాచే బటనేమీ లేదు, చెరపాల్సిందే. ఆ ఒక్క పనికే గంట పట్టింది. గూగుల్ మ్యాప్స్‌లో ఓ హాస్టల్ మీద రాసిన రివ్యూ కూడా అలాంటి భాషలోనే, వాడి పూర్తి పేరుతోనే ఉంది. అదీ తీసేశాడు.

తర్వాత ఫొటోలు. గోవాలో బీరు సీసా పట్టుకున్నదొకటి. అది వాడు పెట్టింది కాదు, స్నేహితుడు పెట్టి ట్యాగ్ చేసింది. ట్యాగ్ తీసేస్తే మన పేరుతో ఉన్న లంకె తెగుతుంది గానీ, ఫొటో స్నేహితుడి పేజీలో అలాగే ఉంటుంది. పూర్తిగా పోవాలంటే అతన్నే అడగాలి. పిన్ని అడగమంది. తమ్ముడు ససేమిరా అన్నాడు: "నేనెప్పుడైనా తాగుతానమ్మా. అడిగితే తాగుతాననే చెప్తా." నాకు వాడి మాటే నచ్చింది. చివరికి ట్యాగ్ తీసేసి ఊరుకున్నాం. సీసా పట్టుకుని ప్రదర్శించుకోనక్కర్లేదు, తాగననీ చెప్పనక్కర్లేదు.

రెండోది ఇంకోలాంటి ఫొటో. బీటెక్‌లో ప్రేమించిన అమ్మాయితో దిగినవి పదకొండు. వాడు వాటిని ఆర్కైవ్‌లో పెట్టబోయాడు. అలా పెడితే తనొక్కడికే కనిపిస్తాయి. "ఆ అమ్మాయికి కూడా సంబంధాలు చూస్తుంటారేమోరా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత డిలీట్ చేశాడు. ఫేస్‌బుక్‌లో ట్రాష్‌లో వేసినవి 30 రోజులు ఉండి పోతాయి, ఈలోగా మనసు మారితే వెనక్కి తెచ్చుకోవచ్చు. అమెరికాలో ఉన్న మరో స్నేహితుడి ఆల్బమ్‌లో ఇంకో రెండున్నాయి. అతనికి మెసేజ్ పెడితే సాయంత్రానికి తీసేశాడు.

ఖాతాలన్నీ మూసేస్తే ఈ బాధంతా ఉండదు కదా అని వాడి వాదన. పిన్ని ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ల కుర్రాడికి నెట్‌లో ఒక్క ఫొటో కూడా లేకపోతే ఆవిడే అనుమానపడుతుందట. అందుకే ట్రెక్కింగ్‌వీ, అక్కయ్య పెళ్లివీ, ఆఫీసువాళ్లతో క్రికెట్‌వీ ఉంచేశాం. అయినా ఫ్రెండ్స్‌కి మాత్రమే అన్నంత మాత్రాన గుట్టుగా ఉంటుందని లేదు. అమ్మాయి పెదనాన్న కొడుకు మనవాడి బ్యాచ్‌మేట్ కావడం మన ఊళ్లలో వింతేమీ కాదు. ఎవరైనా ఎప్పుడో స్క్రీన్‌షాట్ తీసి ఉంటే దానికి మందే లేదు.

చెరపకూడనివి ఫొటోల్లో కాదు, బయోడేటాలో ఉంటాయి. ముందు జరిగిన పెళ్లి, విడాకులు, ఉద్యోగం సంగతి లాంటివి. పాత పెళ్లి ఫొటోలు తీసేసుకోవచ్చు, పెళ్లే జరగలేదనకూడదు. ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించిన పెళ్లిని రద్దు చేయమని అడిగే వీలు హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. మోసం బయటపడ్డ ఏడాదిలోపు కోర్టుకెళ్లాలి.

అంతా అయిందనుకుని కాఫీ పెట్టుకుంటుంటే తమ్ముడు ఊరికే పిన్ని పేరు కొట్టి చూశాడు. ఆవిడ ఫేస్‌బుక్ మొత్తం బార్లా తెరిచి ఉంది. గృహప్రవేశం ఫొటోలో ఇంటి నంబరుతో సహా గేటు, కూతురి పిల్లల స్కూలు యూనిఫాం, వీడికి మొదటి ఉద్యోగం వచ్చిన రోజు జీతం అంకెతో ఆఫర్ లెటర్. వాటి మధ్య, వేరే పార్టీవాళ్లని కులం పేరెత్తి తిట్టే ఫార్వర్డ్‌లు రెండు.

"కాబోయే వియ్యపురాలు నాది చూస్తుందా?" అంది పిన్ని.

"నువ్వు చూడవూ?" అన్నాను.

ఆఫర్ లెటర్, ఇంటి ఫొటో, పిల్లల ఫొటోలు వెంటనే తీసేసింది. ఫార్వర్డ్‌ల దగ్గర ఆగిపోయింది. "అందులో అబద్ధమేముందే" అని ఫోన్ బోర్లా పెట్టేసింది. మర్నాడు తమ్ముడు మెసేజ్ పెట్టాడు: ఒకటి పోయింది, ఇంకోటి ఇంకా ఉంది.