ముందు ఫాల్, తర్వాతే జాకెట్టు

భర్త ఉద్యోగం మారడంతో తెనాలి నుంచి హైదరాబాద్ వచ్చి, నిజాంపేటలో అద్దెకు దిగిన ఒకావిడ ఉన్నారనుకుందాం. కుట్టుపని బాగా వచ్చు. సొంతూళ్లో చేతినిండా పని ఉండేది. ఇక్కడేమో పక్క ఫ్లాట్‌వాళ్ల పేరైనా తెలియదు. ఇలా వచ్చినవాళ్లు చాలామంది ముందుగా ‘జాకెట్లు కుట్టబడును’ అని గేటుకు బోర్డు కడతారు. వారాలు గడిచినా ఎవరూ తలుపు తట్టరు.

లోపం పనితనంలో లేదు. ముక్కూమొహం తెలియని మనిషికి జాకెట్టు ముక్క ఇవ్వడానికి ఎవరికైనా చేతులు రావు. ఆ ముక్క చాలాసార్లు చీరలోంచే వస్తుంది. కత్తెర ఒక్కసారి తప్పితే అదే రంగు, అదే అంచు మళ్లీ దొరకవు. అందుకే ఆడవాళ్లు అలవాటైన టైలర్‌ను ఓ పట్టాన వదలరు. ఫాల్ సంగతి వేరు. బాగా కుదరకపోతే కుట్లు విప్పి మళ్లీ వేయొచ్చు. కొత్త ఊళ్లో మొదట అడగాల్సిన పని ఇదే.

అడగాల్సిన చోటు మ్యాచింగ్ సెంటర్. ఫాల్స్, లైనింగులు, జాకెట్టు ముక్కలు కొనడానికి పేటలోని ఆడవాళ్లంతా అక్కడికే వస్తారు. ‘ఫాల్ ఎవరు వేస్తారండీ?’ అని అక్కడే అడుగుతారు. చాలా షాపులు చీరలు తామే తీసుకుని బయట ఎవరితోనో వేయిస్తాయి. ఆ పని చేసే మనిషి వాళ్లకు ముందే ఉంటారు కాబట్టి మామూలు రోజుల్లో వెళితే లేదనే అంటారు. ఆషాఢంలో వెళ్లాలి. డిస్కౌంట్లలో కొన్న చీరలన్నీ శ్రావణ శుక్రవారాలకు, వరలక్ష్మీ వ్రతానికి సిద్ధం కావాలి. అప్పుడు పాత మనిషి ఒక్కరే అందుకోలేరు. ఫాల్ వేసిన సొంత చీర ఒకటి తీసుకెళ్లి, లోపలివైపు తిప్పి చూపించి, ‘ఎక్కువైన చీరలు రెండు నాకివ్వండి, రేపు సాయంత్రానికి తెచ్చిస్తాను’ అని అడిగితే ఇచ్చే అవకాశం ఎక్కువ.

షాపు మనిషి తన వాటా ఉంచుకుంటారు. ఆయన కస్టమర్ దగ్గర 100 రూపాయలు తీసుకుంటే ఈవిడ చేతికి 60 రావచ్చు. దారం ఎవరిది, ఫాల్ ఎవరిది అన్నది ముందే మాట్లాడుకోవాలి. షాపు చీరల మడతల్లో తన ఫోన్ నంబర్ చీటీ పెట్టడం మాత్రం తగదు. అది బయటపడిన రోజే పని ఆగిపోతుంది.

చీర చేతికి రాగానే వెలుతురులో పూర్తిగా విప్పి, మరకలు, లేచిన జరీ పోగులు ఇచ్చినవాళ్ల ఎదుటే చూపించాలి. లేకపోతే పాత మరక కూడా కొత్త మనిషి మీదే పడుతుంది. తర్వాత అడగాల్సిన ప్రశ్న: ‘ఏ అంచు కిందికి రావాలండీ?’ రెండు అంచులూ ఒకేలా లేని చీరల్లో ఇక్కడే పొరపాటు జరుగుతుంది. జాకెట్టు ముక్క కత్తిరించాలో వద్దో కూడా అడిగి, జవాబులు చీటీ మీద రాసి చీరకు పిన్ను పెట్టాలి. కాటన్ ఫాల్‌ను నీళ్లలో తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కుట్టాలి. అలా చేయకపోతే మొదటి ఉతుకులో ఫాల్ కుంచించుకుపోయి అంచు ముడతలు పడుతుంది. పట్టు చీరకు చేత్తో, సన్నని సూదితో హెమ్మింగ్ చేయాలి. మిషన్ కుట్టు విప్పితే పట్టు మీద రంధ్రాలు కనిపిస్తాయి. చివర్లో అంచు కిందికి వచ్చేలా చీరను వేలాడదీసి చూస్తే పని తెలిసిపోతుంది. అంచు తిన్నగా దిగాలి. కుచ్చులా లేచిందంటే ఫాల్‌ను లాగి కుట్టినట్టే.

ఇదే పనిని అపార్ట్‌మెంట్‌లోకి తీసుకెళ్లడానికి ఇస్త్రీ చేసే అతను, వాచ్‌మన్ భార్య తోడ్పడతారు. ఏ ఇంట్లో చీరలు ఎక్కువో వాళ్లకు బాగా తెలుసు. వాచ్‌మన్ భార్యకు ఒక చీర ఊరికే వేసిచ్చినా వృథా కాదు.

ఫాల్ ఒక్కదాని మీద ఇల్లు గడవదు. రెండోసారి చీర తెచ్చినావిడను రోజూ తొడుక్కునే కాటన్ జాకెట్టు ఒకటి ఇమ్మని అడగాలి. పట్టు జాకెట్టు అప్పుడే వద్దు. సరిగ్గా కుదిరిన ఆది జాకెట్టు తప్పకుండా తీసుకుని, లైనింగ్ తడిపి ఆరాకే కత్తిరించి, పక్క కుట్ల లోపల అంగుళం బట్ట వదలాలి. బిగుతైతే విప్పడానికి అదే ఆధారం. హుక్కులు కుట్టకముందే ఒకసారి తొడిగి చూడమనాలి.

శ్రావణంలో వచ్చిన చీరలన్నీ ఒప్పుకోవద్దు. వ్రతానికి ముందురోజు సాయంత్రంలోపు ఎన్ని ఇవ్వగలరో లెక్క వేసుకుని, మిగతావాళ్లకు ఆ తేదీకి కుదరదని ముందే చెప్పండి.