ఎల్లిపాయ కారం వీడియోకి ఏం పేరు పెట్టాలి? అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ శివారు జవహర్‌నగర్‌లో ఒక చిన్న ఇల్లు ఊహించుకుందాం. డాబా మీద ఎండుమిర్చి ఆరబోసి ఉంది. ముందుగదిలో పల్వరైజరు తిరుగుతోంది. ఆ ఇంటి భార్యాభర్తలు ఎల్లిపాయ కారం, ధనియాల పొడి, సాంబార్ పొడి చేసి పావుకిలో ప్యాకెట్లలో అమ్ముతారు. ఎల్లిపాయ కారం ఎలా చేస్తారో ఫోనులో నాలుగు నిమిషాల వీడియో తీసి యూట్యూబులో పెట్టారు. వీడియో బాగుంది. కానీ దాని పేరు ఇలా ఉంది: ముందు బ్రాండు పేరు, తర్వాత ‘స్పెషల్ వీడియో, అస్సలు మిస్ అవ్వకండి’, చివర రెండు మంట బొమ్మలు. వివరణలో ఒక ఫోన్ నంబరు, ముప్పై హ్యాష్‌ట్యాగులు. నెల గడిచినా చూసినవాళ్లంతా చుట్టాలూ, వాట్సాప్‌లో లింకు అందుకున్నవాళ్లే. వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

ఇలాంటి వీడియోలు మన చుట్టూ చాలా ఉన్నాయి. చేసినవాళ్ల కష్టంలో లోపం లేదు. పేరు పెట్టేటప్పుడు నమ్మిన కొన్ని మాటల్లోనే తేడా ఉంది. అవేమిటో ఈ ఒక్క వీడియోనే పట్టుకుని చూద్దాం.

అపోహ: బ్రాండు పేరు ముందుంటేనే జనం గుర్తుపెట్టుకుని వెతుకుతారు.

దశాబ్దాలుగా టీవీలో కనిపిస్తున్న కంపెనీ అయితే ఆ మాట నిజమే. ప్రియ పచ్చళ్ల పేరు తెలియని తెలుగిల్లు తక్కువ. నిన్నమొన్న లేబులు కొట్టించుకున్న బ్రాండు పేరుని మాత్రం ఎవరూ వెతకరు, ఎందుకంటే అది ఉందనే ఎవరికీ తెలియదు. వెతికేవాళ్ల మనసులో ఉండేది వస్తువు, లేదా ఆ వస్తువుతో వచ్చిన ఇబ్బంది. ‘ఎల్లిపాయ కారం’ అని వెతుకుతారు. పోయినసారి చేస్తే గడ్డకట్టింది కాబట్టి ‘ముద్ద కట్టకుండా’ అని వెతుకుతారు.

శీర్షికకు యూట్యూబు ఇచ్చే చోటు 100 క్యారెక్టర్లు. తెలుగువాళ్లు ఇక్కడే మోసపోతారు. మన కంటికి ‘ల్లి’ ఒక్క అక్షరం. కంప్యూటరు లెక్కలో అది ల, పొల్లు, మళ్లీ ల, గుడి కలిపి నాలుగు. ‘ఎల్లిపాయ’ కంటికి నాలుగక్షరాలు, లెక్కలో ఎనిమిది. ఒత్తులు ఎక్కువున్న మాటలు ఇంకా తొందరగా చోటు తింటాయి. పైగా ఫోనులో వెతికినప్పుడు పొడవాటి శీర్షిక చివరిదాకా కనిపించదు, మధ్యలో చుక్కలు పడతాయి. అందుకే వస్తువు పేరు మొట్టమొదట రావాలి, దాని వెంటనే ఈ వీడియో తీర్చే ఇబ్బంది రావాలి. బ్రాండు పేరు ఛానెల్ పేరులో ఎలాగూ ఉంది. శీర్షిక కిందే కనిపిస్తుంది కూడా.

అపోహ: పుస్తకాల్లో ఉండే సరైన తెలుగు ఒక్కటి రాస్తే చాలు.

అసలు పని ఇక్కడే ఉంది. మన భాషలో వంటింటి మాట ప్రతి యాభై మైళ్లకీ మారిపోతుంది. మేడ్చల్, శామీర్‌పేట వైపు ఇళ్లలో ఎల్లిపాయ, ఎల్లిగడ్డ అంటారు. విజయవాడలో వెల్లుల్లి అంటారు. ఒకరి కరివేపాకు మరొకరి కల్యామాకు. ఒకరు పుట్నాల పొడి అంటే ఇంకొకరు పప్పుల పొడి అంటారు. సాంబార్, సాంబారు అని రాతే రెండు రకాలు. జవహర్‌నగర్ చుట్టుపక్కల అయితే ఈ మాటలన్నీ ఒకే వీధిలో వినిపిస్తాయి, ఎన్నో జిల్లాల నుంచి పనికోసం వచ్చి స్థిరపడ్డవాళ్ల ఊరు కదా. ‘ఎల్లిపాయ’ రాస్తే నాటుగా ఉంటుందని ‘వెల్లుల్లి’గా దిద్దేవాళ్లను చూశాను. అలా దిద్దితే తెలంగాణ ఇళ్లలో ఆ కారాన్ని వెతికే మాటే శీర్షికలోంచి ఎగిరిపోతుంది.

రెండో చిక్కు లిపి. తెలుగులో మాట్లాడి, ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేసేవాళ్లు మనలో ఎంతమందో! మైకు గుర్తు నొక్కి తెలుగులో అడిగితే తెలుగు లిపి పడుతుంది. బొటనవేలితో కొడితే Ellipaya అనో Yellipaya అనో పడుతుంది. ఒకసారి వెతుకు పెట్టెలో రెండు లిపుల్లోనూ కొట్టి చూడండి. వచ్చే వీడియోల జాబితాలు ఒకేలా ఉండవు. కాబట్టి మొదటి సగం తెలుగు లిపిలో, రెండో సగం ఇంగ్లిషు అక్షరాల్లో, రెండో పేరుని కూడా కలుపుకుంటూ శీర్షిక రాయాలి. మన వీడియోకి ఇలా రాయొచ్చు:

```
ఎల్లిపాయ కారం పొడి ముద్ద కట్టకుండా | Ellipaya Karam Podi | Vellulli Karam
```

ఖాళీలు, గీతలతో సహా లెక్కపెడితే ఇది 73 క్యారెక్టర్లు. తెలుగు ముక్కలో కంటికి కనిపించేవి 14 అక్షరాలే. లెక్కలో అవే 30.

ఏ మాట ముందు పెట్టాలన్నది ఊహతో తేల్చొద్దు. వెతుకు పెట్టెలో ‘ఎల్లిపాయ’ వరకు కొట్టి ఆగండి. కింద వచ్చే సూచనలు జనం వెతికే మాటల నుంచే పుడతాయి. తర్వాత ‘వెల్లుల్లి’తో, ఆ పైన ఇంగ్లిషు అక్షరాలతో అదే చేయండి. పదిహేను నిమిషాల పని. సొంత ఖాతాలోంచి బయటికి వచ్చి చూడడం మేలు, లేకపోతే మీరు ఇదివరకు వెతికినవే మీకు ఎదురొస్తాయి.

మరో మాట. ప్యాకెట్ లేబులు డీటీపీ షాపులో చేయించి, ఆ ఫైలులోంచే తెలుగు మాటల్ని కాపీ చేసి యూట్యూబులో అతికిస్తే చాలాసార్లు అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ పడతాయి. మన ప్రింటింగ్ షాపుల్లో ఏళ్లుగా వాడుతున్న అను ఫాంట్లు యూనికోడ్ కావు. అచ్చులో తెలుగులా కనిపించినా లోపల ఉన్నది తెలుగు కాదు. వెతికే యంత్రానికి అది చదవరాదు. ఫోను తెలుగు కీబోర్డులో మళ్లీ టైపు చేసుకోవడమే మార్గం.

అపోహ: ట్యాగులు, హ్యాష్‌ట్యాగులు ఎంత గుప్పిస్తే అంత పైకి వస్తుంది.

వీడియో కనబడడంలో ట్యాగుల పాత్ర చాలా స్వల్పమని యూట్యూబే తన సహాయ పేజీలో రాసింది. జనం తరచు తప్పుగా రాసే పేర్లకు మాత్రం అవి పనికొస్తాయని అక్కడే ఉంది. మనకు అది నిజంగా ఉపయోగమే. yellipaya, elli karam, vellulli karam podi వంటి రాతలన్నీ శీర్షికలో ఇరికించకుండా ట్యాగుల పెట్టెలో పెట్టుకోవచ్చు. ఆ పెట్టె మొత్తానికి 500 క్యారెక్టర్లు.

హ్యాష్‌ట్యాగులు 60 దాటితే యూట్యూబు అన్నిటినీ పక్కన పెట్టేస్తుంది. వివరణలో ట్యాగుల్లాంటి మాటల్ని కుప్పపోయడం, వీడియోలో లేని సినిమా హీరోల పేర్లో పెద్ద కంపెనీల పేర్లో రాయడం నిబంధనలకు విరుద్ధం. అలాంటి వీడియోని తీసేయొచ్చు కూడా. హ్యాష్‌ట్యాగులు రెండు చాలు: ఒకటి వస్తువు పేరు, ఒకటి బ్రాండు పేరు.

అపోహ: వివరణ ఎవరూ చదవరు, ఫోన్ నంబరు పెడితే సరిపోతుంది.

మనుషులు చదివేది మొదటి రెండు లైన్లే కావచ్చు. కానీ వెతికిన మాటకు వీడియో ఎంత దగ్గరగా ఉందో తేల్చుకునేటప్పుడు యూట్యూబు శీర్షిక, ట్యాగులు, వివరణ, వీడియోలోని విషయం కలిపి చూస్తుంది. శీర్షికలో చోటు చాలని మాటలకు వివరణే ఇల్లు. అవి జాబితాలా పడి ఉండకూడదు, వాక్యాల్లో కలిసిపోవాలి. ఇలా మొదలుపెట్టొచ్చు:

```
ఎల్లిపాయ కారం పొడి ముద్ద కట్టకుండా మా ఇంట్లో ఎలా చేస్తామో
ఈ వీడియోలో చూడండి. దీన్నే వెల్లుల్లి కారం, ఎల్లిగడ్డ కారం అని
కూడా అంటారు. వేడి అన్నం, ఇడ్లీ, దోశల్లోకి బాగుంటుంది.

0:00 కావలసినవి, కొలతలు
0:35 ఎండుమిర్చి, ధనియాలు వేయించడం
1:40 ఎల్లిపాయల తడి ఆరబెట్టడం
2:50 పొడి కొట్టడం, ఆరాక డబ్బాలో నింపడం
```

ఈ నిమిషాల వరుస ఉత్త అలంకారం కాదు. మొదటిది 0:00 అయి, కనీసం మూడు ఉండి, ఒక్కో ముక్క పది సెకన్లకు తగ్గకపోతే యూట్యూబు వీడియోని ఆ భాగాలుగా విడదీసి చూపిస్తుంది. ముద్ద కట్టడానికి కారణం ఎల్లిపాయల్లోని తడి. ఆ ఇబ్బందితో వచ్చినవాళ్లు నేరుగా 1:40కి వెళ్తారు. అక్కడ వాళ్లకి కావలసింది నిజంగా ఉండాలి. శీర్షికలో ‘ముద్ద కట్టకుండా’ అని రాసి, వీడియోలో ఆరబెట్టడం చూపించకపోతే జనం మధ్యలో వెళ్లిపోతారు. ఎంతసేపు చూశారన్నది కూడా వెతుకులాటలో లెక్కకొస్తుంది.

డెవలపర్ల కోసం యూట్యూబు ఇచ్చిన పత్రంలో వివరణ పరిమితి 5000 బైట్లు అని ఉంది. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు. అంటే అంతా తెలుగులోనే రాస్తే సుమారు 1,660 గుర్తుల దగ్గరే చోటు అయిపోతుంది. ముఖ్యమైనవి పైన రాసుకోవాలనడానికి ఇదొక కారణం. కొలతలు, నిల్వ ఉంచే పద్ధతి, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, కొనే మార్గం దాని తర్వాత.

ఊరి పేరు సంగతి. శీర్షికలో ‘జవహర్‌నగర్’ పెట్టినంత మాత్రాన చుట్టుపక్కలవాళ్లు కొనడానికి రారు. యూట్యూబులో ఆ పేరు వెతికేవాళ్లకు చాలావరకు కావలసింది డంప్‌యార్డు వార్తలో, స్థలాల సంగతులో. పైగా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర ఇంకో జవహర్‌నగర్ ఉంది. చిరునామాని వివరణ చివర కాప్రా మండలం, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా అని పూర్తిగా రాయాలి. దగ్గర్లో కారం పొడి దొరికే చోటు కోసం వెతికేవాళ్లు గూగుల్ మ్యాప్స్‌లో వెతుకుతారు. దుకాణం పేరు అక్కడ నమోదు చేసుకోవడం వేరే పని, అది కూడా చేసుకోవాలి.

అపోహ: ‘షుగర్ తగ్గిస్తుంది’ అని పెడితే ఎక్కువమంది వస్తారు.

రావచ్చు. కానీ ఆ మాట రాయకూడదు. ఆహార పదార్థం రోగాన్ని నయం చేస్తుందని, రాకుండా ఆపుతుందని ప్రకటించడాన్ని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నిబంధనలు ఒప్పుకోవు. తప్పుదారి పట్టించే ఆహార ప్రకటనకు 2006 ఆహార భద్రతా చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. మధుమేహం తగ్గిస్తామనే మందుల ప్రకటనల్ని 1954లోనే ఇంకో చట్టం నిషేధించింది. అమ్మే సరుకు గురించిన వీడియో శీర్షికా, వివరణా ప్రకటన కిందికే వస్తాయి. ఆ మాట నమ్మి ఎవరైనా మందులు మానేస్తే జరిగే నష్టం జరిమానా కంటే పెద్దది. ఉప్పు ఎంత, నూనె ఎంత, ఎన్ని నెలలు నిల్వ ఉంటుందో రాయండి. అవీ జనం వెతికేవే.

అపోహ: ఒకసారి పెట్టాక పేరు మారిస్తే వీడియో పడిపోతుంది.

శీర్షిక, వివరణ ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. చూసిన లెక్క ఎక్కడికీ పోదు. ఊరికే రోజూ మారిస్తే మాత్రం ఏది పనిచేసిందో మీకే తెలియదు. నాలుగు వారాలు ఆగి యూట్యూబు స్టూడియో తెరవండి. ఆ వీడియో లెక్కల్లో ప్రేక్షకులు ఏ దారిన వచ్చారో చూపించే చోట `YouTube search` అనే వరుస ఉంటుంది. దాన్ని నొక్కితే జనం ఏ మాటలు కొట్టి మీ దగ్గరికి వచ్చారో కనిపిస్తాయి. ‘vellulli karam for idli’ అని వచ్చినవాళ్లు ఎక్కువుంటే వివరణ మొదటి వాక్యంలోకి ఇడ్లీని తీసుకురండి. ‘చింతపండు లేకుండా’ అని వచ్చి అరనిమిషంలో వెళ్లిపోతుంటే, మీరు చింతపండు వేస్తున్నారన్నమాట. అప్పుడు శీర్షిక మార్చి లాభం లేదు. చింతపండు లేని ఎల్లిపాయ కారం ఇంకో వాయి కొట్టి, దానికి వేరే వీడియో తీయాలి.